టైం టేబుల్ వేయడానికి ముందు లెక్క వేయాలి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నిరుడు ఇదే సమావేశంలో మన దాతల్లో ఒకరు లేచి ఒక మాట అన్నారు. "మన హైస్కూల్లో దసరా తర్వాత లెక్కల మాస్టారు మానేశారట. పదో తరగతి పిల్లలు ఐదు వారాలు లెక్కలు లేకుండా కూర్చున్నారట. టైం టేబుల్ సరిగా లేకపోవడమే కారణమంటున్నారు. కంప్యూటరులో టైం టేబుల్ వేసే సాఫ్ట్‌వేర్ కొనండి, ఖర్చు నేనిస్తాను" అన్నారు. ఆ పని మాకు అప్పగించారు. దాత ఇచ్చే ప్రతి రూపాయీ అమానత్ కాబట్టి ఏం చేశామో, ఏం తేలిందో చెప్పడం మా బాధ్యత. ముందే చెబుతున్నాం, సాఫ్ట్‌వేర్‌కు ఆ డబ్బు ఖర్చు కాలేదు. ఆ డబ్బు వేరే దేనికి అవసరమో ఆఖరున మనవి చేస్తాం.

మన హైస్కూల్లో ఆరు నుంచి పది వరకు ఐదు తరగతులు, తరగతికి ఒక సెక్షన్. శుక్రవారం తప్ప మిగతా ఐదు రోజులు రోజుకు ఎనిమిది పీరియడ్లు. శుక్రవారం జుమా నమాజు కోసం ఐదు పీరియడ్లకే బడి వదిలేస్తాం. అంటే ఒక్కో తరగతికి వారానికి 45 పీరియడ్లు, ఐదు తరగతులకు 225. ఒక్కో పీరియడ్‌ను ఒక్కో చీటీ అనుకోండి. ప్రతి చీటీ మీద తరగతి, సబ్జెక్టు, ఉపాధ్యాయుని పేరు రాసి ఉంటాయి. ఈ 225 చీటీలను వారంలో ఎక్కడెక్కడ పెట్టాలన్నదే టైం టేబుల్. ఒకే గంటలో ఒక మాస్టారి పేరు రెండు తరగతుల్లో పడకూడదు. ఒకే తరగతికి ఇద్దరు మాస్టార్లు పోకూడదు.

ఇన్నేళ్లూ మేము ఇది చేత్తోనే వేసేవాళ్లం. వేసవి సెలవుల చివర్లో హెడ్‌మాస్టారి గదిలో పెద్ద చార్టు పరుచుకుని, పెన్సిలూ రబ్బరూ పట్టుకుని మూడు నాలుగు రోజులు కూర్చునేవాళ్లం. చివరి ఇరవై చీటీలు ఎక్కడా ఇమిడేవి కావు. ఒకటి పెడితే రెండు కదిలేవి. చివరకు ఎక్కడో ఒక క్లాష్ మిగిలేది. ఒక మాస్టారి పేరు సోమవారం ఆరో పీరియడ్‌లో రెండు గదుల్లో కనిపించేది. బడి తెరిచాక పిల్లలు వచ్చి "సార్, మాకెవరూ రాలేదు" అంటేగాని మాకు తెలిసేది కాదు.

నిరుడు మీ మాట మీద మేము వెతికి, FET అనే ప్రోగ్రాం వాడాం. రుమేనియాకు చెందిన ఒకాయన తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాం ఇది. మా ఆఫీసులోని పాత కంప్యూటరులోనే పనిచేసింది. ఇది పనిచేసే తీరు మేము చార్టు మీద చేసినట్టే ఉంటుంది. పెట్టడానికి కష్టమైన చీటీలను ముందు తీసుకుంటుంది. ఒక చీటీకి చోటు దొరకకపోతే అడ్డం వచ్చినవాటిని లేపి వేరే చోట పెట్టి చూస్తుంది. అవీ ఇమడకపోతే వాటికి అడ్డం వచ్చినవాటిని లేపుతుంది. మేము రోజంతా కూర్చుని పది మార్పులు చేస్తే అది క్షణాల్లో వేల మార్పులు చేస్తుంది. అలసట ఎరగదు, ఏ చీటీనీ మరిచిపోదు.

మొదటిసారి పాత వివరాలనే యథాతథంగా ఎక్కించాం. నిమిషాల్లో టైం టేబుల్ వచ్చింది. ఒక్క క్లాష్ కూడా లేదు. మేమంతా సంతోషించాం. తర్వాత ఉపాధ్యాయులవారీగా తీసిన కాగితం చూశాం. లెక్కల మాస్టారి కాగితంలో వారానికి 45 గళ్లుంటే 40 నిండి ఉన్నాయి. వారం మొత్తం మీద ఐదంటే ఐదు పీరియడ్లు ఖాళీ. నిరుడు మానేసి వెళ్లినాయన మోసిన బరువు అదే. కొత్తగా వచ్చిన మాస్టారి నెత్తిన అదే బరువు మళ్లీ, ఈసారి క్లాష్ లేకుండా, అందమైన గళ్లలో కూర్చుంది.

ఇక్కడ మేము నేర్చుకున్న మొదటి సంగతి ఇది. ఇలాంటి ప్రోగ్రాం "ఎప్పుడు" అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. "ఎవరు" అన్నది మనమే చెప్పాలి. చీటీ మీద ఎవరి పేరు రాసి ఇస్తే వారి పేరుతోనే అది తిరిగి ఇస్తుంది. ఐదు తరగతుల లెక్కలూ ఒక్కరి పేరు మీదే రాసి ఇచ్చింది మేము. తరగతికి ఎనిమిది పీరియడ్ల చొప్పున ఐదు తరగతులకు నలభై. ఆ నలభై ఏ గళ్లలో పెట్టినా నలభైయే.

కాబట్టి ప్రోగ్రాం పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీసుకున్నాం. ఎడమవైపు ఉపాధ్యాయుల పేర్లు, ఎదురుగా వారానికి వారి పీరియడ్లు రాశాం. తెలుగు, ఇంగ్లీషు, సాంఘిక శాస్త్రం ముగ్గురికీ ముప్పై చొప్పున ఉన్నాయి. లెక్కల మాస్టారికి నలభై. భౌతికశాస్త్రం మాస్టారికి ఇరవై, జీవశాస్త్రం టీచరుగారికి ఇరవై. ఒకే బడి, దాదాపు ఒకే జీతం, ఒకరి పని ఇంకొకరికి రెట్టింపు. ఈ కాగితం మా చార్టు మీద ఎన్నడూ కనిపించలేదు. చార్టు తరగతులవారీగా ఉంటుంది, ప్రతి తరగతి నిండుగానే కనిపిస్తుంది. మనిషివారీగా కూడితేనే బరువు తెలుస్తుంది.

ఎవరికీ ముప్పైకి మించకూడదని మాకు మేమే ఒక హద్దు పెట్టుకున్నాం. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో ఉపాధ్యాయునికి వారానికి 45 గంటల పని అని ఉంది. కానీ అందులో పాఠం తయారీ సమయం కూడా కలిసే ఉంది. నలభై పీరియడ్లు నిలబడి చెప్పేవారికి తయారీ ఎక్కడిది, నోటుపుస్తకాలు దిద్దడం ఎక్కడిది?

లెక్కలు, సైన్సు కలిపితే వారానికి 80 పీరియడ్లు, ముగ్గురు మనుషులు. పంచితే మనిషికి 27 కంటే తక్కువే. అంటే మనకు కొరత మనుషుల్లో లేదు, పంపకంలో ఉంది. భౌతికశాస్త్రం మాస్టారు బీఎడ్‌లో గణిత బోధన కూడా చదివినవారే. ఆరు, ఏడు తరగతుల లెక్కలు ఆయనకిచ్చాం. ఆ రెండు తరగతుల్లో సైన్సు ఒకే సబ్జెక్టు. అప్పటిదాకా ఒక తరగతి ఆయన, ఒక తరగతి జీవశాస్త్రం టీచరుగారు చెప్పేవారు. ఇప్పుడు రెండూ టీచరుగారికే ఇచ్చాం. ఎనిమిది నుంచి పది వరకు ఎవరి సబ్జెక్టు వారిదే. దీంతో లెక్కల మాస్టారికి 24, భౌతికశాస్త్రం మాస్టారికి 28, టీచరుగారికి 28 అయ్యాయి.

ఇది అంత తేలిగ్గా జరగలేదు. టీచరుగారు స్టాఫ్ మీటింగులో సూటిగానే అడిగారు. "నాకు ఎనిమిది పీరియడ్లు పెరిగాయి. కంప్యూటరు పెంచిందని చెప్పకండి సార్. పెంచింది మీరు" అన్నారు. ఆ మాట నిజం. మేమూ అదే ఒప్పుకున్నాం. లెక్కల మాస్టారికి అందరికంటే తక్కువ ఎందుకని కూడా అడిగారు. పదో తరగతికి ఉదయం ప్రత్యేక తరగతులు ఆయనే తీసుకుంటారు, అవి ఈ 45లో లేవు. పీరియడ్ల అంకె ఒక్కటే పని బరువు కాదు. ముప్పై మంది ఉన్న తరగతికి, యాభై మంది ఉన్న తరగతికి దిద్దే పుస్తకాలు ఒకటి కావు. చివరికి టీచరుగారు కోరింది ప్రోగ్రాంలో ఎక్కించాం. తొమ్మిది, పది తరగతుల ప్రయోగాల రోజున రెండు పీరియడ్లు వరుసగా ఉండాలి, దానికి ముందు ఒక పీరియడ్ ల్యాబ్ సర్దుకోవడానికి ఖాళీ ఉండాలి. చార్టు మీద పెన్సిలుతో అయితే ఆ రెండూ మేము ఇవ్వగలిగేవాళ్లం కాదు. ప్రోగ్రాం ఇచ్చింది.

ఇక కోరికల సంగతి. క్లాష్ ఉండకూడదన్నది తప్పనిసరి నియమం. "మా సబ్జెక్టు వారమంతా సమంగా రావాలి", "వరుసగా మూడు పీరియడ్లకు మించి వద్దు" అన్నవి కోరికలు. అన్నీ తప్పనిసరి అని రాస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. మాకు అదే జరిగింది. తెలుగు, ఇంగ్లీషు, సాంఘిక శాస్త్రం ఒక్కో తరగతికి వారానికి ఆరు పీరియడ్లు. ఒక తరగతికి ఒక సబ్జెక్టు రోజుకు ఒక్కసారే రావాలని రాశాం. ఆరు పీరియడ్లు, ఆరు రోజులు. అంటే శుక్రవారం కూడా ప్రతి తరగతికీ తెలుగు రావాలి. ఐదు తరగతులు, ఐదు పీరియడ్లు, తెలుగు మాస్టారు ఒక్కరు. ఆయన శుక్రవారం బడి మొదలైనప్పటి నుంచి వదిలేదాకా కూర్చోవడానికి లేదు. ఇటుపక్క "వరుసగా మూడుకు మించి వద్దు" అనీ రాశాం. రెండూ కలిసి జరగవు. ఆ మూడు సబ్జెక్టుల్లోనూ ఒక్కో తరగతికి శుక్రవారం మాని, ఇంకో రోజు రెండు పీరియడ్లు ఇవ్వవచ్చని సడలించాక దారి దొరికింది.

ఇప్పుడు అసలైన చిక్కుకు వస్తున్నాం. మన ఉర్దూ ఉస్తాద్ పూర్తికాలం ఉద్యోగి కారు. సోమవారం నుంచి గురువారం దాకా ఉదయం వేరేచోట చెప్పి, మధ్యాహ్నం భోజనం తర్వాత మన దగ్గరకు వస్తారు. శనివారం రోజంతా ఇస్తారు. శుక్రవారం రారు. ఈ వివరాలు ఎక్కించి ప్రోగ్రాం నడిపాం. నిమిషాలు కాదు, గంటలు గడిచాయి. రాత్రంతా వదిలేసి ఫజర్ తర్వాత వచ్చి చూస్తే ఇంకా తిరుగుతూనే ఉంది. ఎక్కడ ఆగిందో చూస్తే ప్రతిసారీ ఉర్దూ చీటీ దగ్గరే. ఎక్కడ ఇరుక్కుందో అది చెబుతుందిగాని, ఎందుకు ఇరుక్కుందో మనమే కనిపెట్టాలి.

మళ్లీ తెల్లకాగితమే దిక్కయింది. తరగతికి ఐదు చొప్పున ఉర్దూకు వారానికి 25 పీరియడ్లు కావాలి. ఉస్తాద్ ఇచ్చేవి నాలుగు మధ్యాహ్నాల్లో నాలుగేసి, పదహారు. శనివారం ఎనిమిది. మొత్తం 24. ఒక్క పీరియడ్ తక్కువ! ఆ ఒక్కదాని కోసం ప్రోగ్రాం రాత్రంతా తిరిగింది. మేమైతే చార్టు ముందు ఇంకో వారం కూర్చునేవాళ్లం.

మేము వెళ్లి అడిగితే ఉస్తాద్ సాబ్ పెద్దమనసుతో శుక్రవారం మొదటి రెండు పీరియడ్లు వస్తానన్నారు. అవసరం 25, చేతిలో 26. మళ్లీ నడిపాం. మళ్లీ అక్కడే ఆగింది. ఈసారి కారణం పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒక తరగతికి ఒక సబ్జెక్టు రోజుకు ఒక్కసారే అన్న నియమం ఉర్దూకూ ఉంది. శనివారం ఉస్తాద్‌కు ఎనిమిది పీరియడ్లు ఖాళీ ఉన్నా, మనకున్నవి ఐదు తరగతులే. కాబట్టి శనివారం పనికొచ్చేవి ఐదే. పదహారు, ఐదు, రెండు కలిపితే 23. చేతిలో 26 ఉన్నాయని మేమనుకున్నాం, నిజంగా ఉన్నవి 23. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు శనివారం రెండు పీరియడ్లు వరుసగా, ఒకటి పాఠానికి ఒకటి రాతకు, అని మార్చాం. అప్పుడు శనివారం ఎనిమిదీ పనికొచ్చాయి. టైం టేబుల్ కొద్ది నిమిషాల్లో వచ్చేసింది.

ఈ తేడా ఎందుకో గణిత శాస్త్రంలో ఎప్పుడో తేల్చారు. హంగేరీ గణితవేత్త డేనెష్ కోనిగ్ 1916లో నిరూపించిన ఒక సిద్ధాంతం ఉంది. దాన్ని మన బడి భాషలో చెబితే ఇలా ఉంటుంది: ఏ తరగతికీ, ఏ ఉపాధ్యాయునికీ వారంలో ఉన్న పీరియడ్లకంటే ఎక్కువ పని లేకపోతే, క్లాష్ లేని టైం టేబుల్ తప్పకుండా ఉంటుంది. అందుకే 40 పీరియడ్ల మాస్టారితో కూడా మొదటిసారి నిమిషాల్లో వచ్చింది. కానీ ఆ సిద్ధాంతం వర్తించాలంటే అందరూ అన్ని గంటలూ బడిలో ఉండాలి, ఇంకే నియమమూ ఉండకూడదు. "ఫలానావారు ఫలానా గంటల్లోనే వస్తారు" అన్న షరతు చేరితే ఆ హామీ పోతుంది. షిమోన్ ఈవెన్, అలోన్ ఇటాయ్, అడీ షమీర్ అనే ముగ్గురు 1976లో ఈ షరతుతో కూడిన సమస్య అత్యంత కఠినమైన సమస్యల జాబితాలోకి వస్తుందని నిరూపించారు. ఎలాంటి బడికైనా చప్పున, తప్పకుండా జవాబు చెప్పే పద్ధతి దీనికి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ కష్టం అలాగే ఉంటుంది. పార్ట్‌టైం ఉపాధ్యాయులు పెరిగేకొద్దీ టైం టేబుల్ బిగుసుకుపోతుంది.

హాఫిజ్ సాబ్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. ఆయన కూడా పార్ట్‌టైమే. మస్జిద్ బాధ్యతల వల్ల దీనియాత్ కోసం శుక్రవారం తప్ప మిగతా ఐదు రోజులూ ఉదయం నాలుగు పీరియడ్లే ఇవ్వగలరు. కానీ ఆయనిచ్చేవి ఇరవై, మనకు కావలసినవి పది. సగం ఖాళీ ఉంది కాబట్టి ఆయన చీటీలు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఉర్దూలో 26కు 25 నింపాం. ఒకే ఒక్క పీరియడ్ మిగులు.

ఆ ఒక్క పీరియడ్ మిగులుతో ఈ ఏడాది ఎలా నడిచిందో కూడా దాచకుండా చెప్పాలి. టైం టేబుల్ ఒక మామూలు వారానికి వేస్తారు, సెలవుల సంగతి దానికి తెలియదు. రెండో శనివారం సెలవు. ఆ వారం ఉర్దూ 25 పీరియడ్లలో ఒక్క రోజునే ఎనిమిది పోతాయి. పది, తొమ్మిది, ఎనిమిది తరగతులకు రాత పని మొత్తం శనివారమే పెట్టాం కాబట్టి నష్టం ఎక్కువగా వారికే. ఒక మధ్యాహ్నం ఉస్తాద్ సాబ్ బస్సు ఆలస్యమైతే నాలుగు తరగతులు ఖాళీగా కూర్చుంటాయి. ఆ పీరియడ్లు మళ్లీ పెట్టడానికి ఆయన సమయంలో చోటు లేదు. గోడ మీది టైం టేబుల్‌లో మాత్రం ఒక్క తప్పూ కనిపించదు.

లెక్కల విషయంలో మాత్రం, అల్‌హమ్దులిల్లాహ్, ఈ ఏడాది ఒక్క వారం కూడా పదో తరగతి ఖాళీగా లేదు. మాస్టారు మనతోనే ఉన్నారు. ఒకరోజు ఆయన సెలవు పెట్టినా, భౌతికశాస్త్రం మాస్టారు లెక్కలు చెప్పడం అలవాటైనవారు కాబట్టి పాఠం ఆగలేదు.

కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. ఇకపై ఏటా జూన్‌లో బడి టైం టేబుల్ మీ ముందుకు వచ్చినప్పుడు తరగతుల చార్టుతో పాటు ఉపాధ్యాయులవారీ కాగితం కూడా అడగండి. ఎవరికి ముప్పై దాటాయో చూడండి. పార్ట్‌టైంవారి విషయంలో వారిచ్చే గంటలెన్ని, మనకు కావలసినవెన్ని అని రెండు అంకెలూ పక్కపక్కన రాయించండి. ఆ రెండూ దగ్గరగా ఉంటే ఆ సబ్జెక్టు పిల్లలకు ఆ ఏడాది సాఫీగా సాగదని అర్థం. ఇది చూడటానికి కంప్యూటరు అక్కర్లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ కోసం నిరుడు మాటిచ్చిన దాతగారికి మా విన్నపం. ప్రోగ్రాం ఉచితంగా దొరికింది. మనకు దొరకనిది ఉర్దూ ఉస్తాద్ ఉదయం వేళలు. ఆయన వేరేచోట చెప్పేది ఇల్లు గడవడానికే. ఆ ఆదాయం మనం ఇవ్వగలిగితే పూర్తికాలం మన బడికే వస్తానని మాటిచ్చారు. అప్పుడు 25 పీరియడ్లకు 45 గళ్లు ఉంటాయి. శనివారం మీదే భారం వేయక్కర్లేదు. ఒక రోజు పోయినా మరో రోజు సర్దుకోవచ్చు. ఇది జకాత్ ఖాతాలోంచి కాకుండా సాధారణ నిధి నుంచే ఇవ్వాలని కోశాధికారిగారితో ముందే మాట్లాడాం. మీరు సమ్మతిస్తే వచ్చే జూన్‌లో వేసే టైం టేబుల్‌లో, ఇన్‌షా అల్లాహ్, ఉర్దూ చీటీలను ఉదయం గళ్లలో కూడా పెడతాం.